ఇంజనీరింగ్ కాలేజీ ప్రచారం: ప్లేస్‌మెంట్ లెక్కలు, క్యాంపస్ ఫోటోలు, పూర్వ విద్యార్థుల కథలపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఈఏపీసెట్ ఫలితాలు వచ్చిన రోజు నుంచి వెబ్ ఆప్షన్లు ముగిసేదాకా కాలేజీల ప్లేస్‌మెంట్ ఆఫీసర్లు, అడ్మిషన్ల సిబ్బంది, డిజైనర్లు, యాజమాన్యాలు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాను. వీటన్నిటి వెనకా ఉన్న నా అభిప్రాయం ఇది: కాలేజీ బయటకు చెప్పే ప్రతి అంకె ఒకే రిజిస్టర్‌లోంచి రావాలి. ఎన్ఐఆర్ఎఫ్‌కు ఒక లెక్క, ఫ్లెక్సీకి ఇంకో లెక్క ఉండకూడదు. ఉదాహరణల్లో వచ్చే కాలేజీ ఊహించినది. లెక్క తేలిగ్గా అర్థం కావడానికే ఆ అంకెలు వేశాను.

## లెక్కలు సిద్ధం చేసేటప్పుడు

మాకు 512 ఆఫర్లు వచ్చాయి. "512 ప్లేస్‌మెంట్లు" అని వేసుకోవచ్చా?

వేయకూడదు. ఆఫర్ వేరు, ఉద్యోగం వచ్చిన విద్యార్థి వేరు. ఒక కాలేజీలో ఫైనలియర్‌లో 480 మంది ఉన్నారనుకుందాం. వాళ్లలో 380 మంది ప్లేస్‌మెంట్ సెల్‌లో పేరు నమోదు చేసుకున్నారు. ఆఫర్లు 512 వచ్చాయి. కానీ బాగా చదివే పిల్లలకు రెండు మూడేసి ఆఫర్లు రావడంతో, కనీసం ఒక్క ఆఫరైనా అందుకున్న విద్యార్థులు 296 మందే. డిసెంబర్ నాటికి నిజంగా ఉద్యోగంలో చేరింది 241 మంది.

ఈ ఒక్క బ్యాచ్ నుంచే నాలుగు రకాల ప్రకటనలు పుడతాయి. "512 ఆఫర్లు" ఒకటి. నమోదు చేసుకున్న వాళ్లలో 78 శాతం అనేది రెండోది. మొత్తం విద్యార్థుల్లో 62 శాతం మూడోది. చేరినవాళ్లే లెక్క అనుకుంటే 50 శాతం. నాలుగింటిలో ఏదీ అబద్ధం కాదు. అయినా 512 అన్న అంకె ఒక్కటే చూసిన తండ్రి, 480 మంది ఉన్న కాలేజీలో అందరికీ ఉద్యోగం వచ్చిందనే అనుకుంటాడు. ఆఫర్ల సంఖ్య చెప్పాలనుకుంటే "480 మందిలో 296 మందికి 512 ఆఫర్లు" అని మూడు అంకెలూ ఒకే వాక్యంలో, ఒకే సైజు అక్షరాల్లో వేయండి.

శాతం లెక్కకు కింద ఏ సంఖ్య వేయాలి? మొత్తం స్టూడెంట్సా, ఎలిజిబుల్ వాళ్లేనా?

ఫైనలియర్‌లో ఉన్న మొత్తం విద్యార్థులు. ఎన్‌బీఏ లెక్క కూడా అలాగే సాగుతుంది: ఉద్యోగం వచ్చినవాళ్లు, పై చదువులకు వెళ్లినవాళ్లు, సొంత వ్యాపారం పెట్టినవాళ్లు, ఈ ముగ్గురినీ కూడి ఫైనలియర్ మొత్తం సంఖ్యతో భాగిస్తారు. ఈసెట్ ద్వారా రెండో ఏడాదిలో చేరిన డిప్లొమా పిల్లలు కూడా ఆ మొత్తంలో ఉండాలి. చాలా కాలేజీలు వాళ్లను ఉద్యోగాలు వచ్చినవాళ్ల జాబితాలో కలుపుతాయి కానీ కింద వేసే సంఖ్యలో మర్చిపోతాయి.

"ఎలిజిబుల్" అనే మాటతో చిక్కేమిటంటే, దాని అర్థాన్ని కాలేజే నిర్ణయిస్తుంది. బ్యాక్‌లాగ్‌లు లేకుండా 65 శాతం దాటినవాళ్లే ఎలిజిబుల్ అని గీత గీస్తే, గీత పైకి జరిగిన కొద్దీ శాతం పెరుగుతుంది. ఒక్క ఉద్యోగం కూడా అదనంగా రాదు. ఎలిజిబుల్ వాళ్ల శాతం చెప్పాల్సిన అవసరం నిజంగానే ఉంటే, ఆ అర్హత ఏమిటో, ఎంతమంది దాని బయట మిగిలారో పక్కనే రాయండి.

ఆఫర్ లెటర్ వచ్చింది, ఇంకా జాయిన్ అవలేదు. లెక్కలోకి వస్తారా?

రెండు గడులు పెట్టండి. "ఆఫర్ వచ్చింది" అనేది ఒకటి, "చేరారు" అనేది ఇంకొకటి. 2022 బ్యాచ్‌లో పెద్ద ఐటీ కంపెనీల ఆఫర్లు చేతిలో పెట్టుకుని, చేరే తేదీ కోసం నెలల తరబడి ఎదురుచూసిన పిల్లలు ఎందరో. వాళ్ల ఫోటోలు ఫ్లెక్సీల మీద ఉన్నాయి, వాళ్లు మాత్రం ఇంట్లో ఉన్నారు. ఆ టెన్షన్ వాళ్ల తమ్ముళ్లకు, చెల్లెళ్లకు, వీధిలో వాళ్లకు కూడా తెలుసు. ప్రచారంలో ఆఫర్ల అంకె వాడితే "ఆఫర్లు, ఫలానా తేదీ నాటికి" అని రాయండి. డిసెంబర్‌లో ఒకసారి ప్రతి విద్యార్థికీ ఫోన్ చేసి చేరిన సంగతి నిర్ధారించుకోండి. కంపెనీ ఆఫర్ వెనక్కి తీసుకుంటే ఆ పేరు రెండో గడిలోకి ఎప్పటికీ రాదు.

హయ్యెస్ట్ ప్యాకేజీ 32 లక్షలు. అది నిజమే కదా, పెద్దగా వేస్తే తప్పేంటి?

ఆ అంకె నిజమే, కానీ అది ఒక్క విద్యార్థి కథ. ఉద్యోగం వచ్చిన 296 మందిలో ఒకరికి 32 లక్షలు, ఏడుగురికి 14 లక్షల చొప్పున, 40 మందికి 7 లక్షల చొప్పున, మిగిలిన 248 మందికి 3.6 లక్షల చొప్పున వచ్చిందనుకోండి. సగటు 4.4 లక్షలు అవుతుంది. అందరినీ జీతం వరసలో నిలబెడితే మధ్యలో ఉండే విద్యార్థి జీతం, అంటే మీడియన్, 3.6 లక్షలు. కాలేజీలో చేరబోయే అబ్బాయికో అమ్మాయికో ఎక్కువ అవకాశం ఉన్నది ఈ 3.6 లక్షల ఉద్యోగానికే.

ఇక ఆ 32 లక్షల లోపలికి కూడా చూడాలి. నికరంగా నెలనెలా వచ్చే జీతం ఏడాదికి 17 లక్షలు, చేరేటప్పుడు ఒక్కసారి ఇచ్చే బోనస్ 2 లక్షలు, పనితీరును బట్టి 3 లక్షల వరకు, నాలుగేళ్లలో విడతలుగా దక్కే షేర్లు 10 లక్షలు. ఇవన్నీ కలిపితేనే 32. నాలుగేళ్ల షేర్లను మొదటి ఏడాది జీతంలా చూపించడం వల్లే చాలా "రికార్డు ప్యాకేజీలు" పుడుతున్నాయి. ఐఐఎం అహ్మదాబాద్ చొరవతో వచ్చిన ఇండియన్ ప్లేస్‌మెంట్ రిపోర్టింగ్ స్టాండర్డ్స్‌లో నికర జీతాన్నీ మిగతా భాగాలనూ విడివిడిగా చూపించి, నివేదికను ఆడిట్ చేయించే పద్ధతి ఉంది. బీటెక్ కాలేజీ కూడా ఆ పని చేయొచ్చు. అంత వీలు కాకపోతే, హయ్యెస్ట్ పక్కనే మీడియన్‌ను అదే సైజులో వేయండి.

మా గ్రూపులో మూడు కాలేజీలున్నాయి. ప్లేస్‌మెంట్లు కలిపి చెప్పుకోవచ్చా?

విద్యార్థి వెబ్ ఆప్షన్లలో పెట్టేది ఒక్క కాలేజీ కోడ్‌ను. అందుకే అంకెలు కూడా కోడ్ వారీగా ఉండాలి. గ్రూపులో పాత కాలేజీకి వచ్చిన కంపెనీలను కొత్త కాలేజీ బ్రోచర్‌లో వేయడం నేను చూసిన వాటిలో అన్నిటికంటే ఎక్కువ మందిని మోసం చేసే పద్ధతి, ఎందుకంటే అందులో పట్టుకోవడానికి తప్పు అంకె ఉండదు. పూల్ డ్రైవ్ జరిగితే ఏ కోడ్ పిల్లలు ఎంతమంది ఎంపికయ్యారో విడిగా రాయండి.

ఈ రిజిస్టర్‌లో ఏమేం ఉండాలి? ఎవరి దగ్గర ఉండాలి?

ఒక విద్యార్థికి ఒక వరుస. హాల్ టికెట్ నంబర్, బ్రాంచ్, రెగ్యులరా లేటరల్ ఎంట్రీనా, కంపెనీ, ఆఫర్ తేదీ, నికర జీతం, మొత్తం సీటీసీ, క్యాంపస్ ద్వారానా బయటినుంచా, చేరిన తేదీ, ఆధారంగా ఆఫర్ లెటర్ కాపీ. రెండో ఆఫర్ వస్తే కొత్త వరుస వేయకుండా అదే వరుసలో పక్కన రాయాలి. ఆఫర్లను విద్యార్థులుగా లెక్కపెట్టే పొరపాటు సగం ఇక్కడే ఆగిపోతుంది.

ప్లేస్‌మెంట్ ఆఫీసర్ నింపాలి, పరీక్షల విభాగం ఫైనలియర్ మొత్తాన్ని సరిచూడాలి, ప్రిన్సిపాల్ సంతకం పెట్టాలి. సంతకం పడ్డాక ఆ కాపీ మారకూడదు. బ్రోచర్ డిజైనర్‌కు, ఎన్ఐఆర్ఎఫ్ ఫారం నింపే వాళ్లకు, పేపర్ ప్రకటన రాసేవాళ్లకు అదే కాపీ వెళ్లాలి. అడ్మిషన్ల విభాగం చేతికి రిజిస్టర్‌ను దిద్దే వీలు ఇవ్వకండి. సీట్లు నింపాల్సిన ఒత్తిడి వాళ్లమీదే ఉంటుంది, ఆ ఒత్తిడిలో అంకెలు పెరుగుతాయి.

## బ్రోచర్, వెబ్‌సైట్ రాసేటప్పుడు

పక్క కాలేజీ 100 శాతం అంటోంది. మేం 62 శాతం అని వేస్తే మా దగ్గరికి ఎవరొస్తారు?

ఈ భయం నిజమైనదే. ఒక్క అంకె పక్కన ఒక్క అంకె పెడితే మీరు ఓడిపోతారు. కాబట్టి 62 శాతాన్ని ఒంటరిగా వదలకండి. దాని పక్కన బ్రాంచ్ వారీ పట్టిక పెట్టండి: ఎంతమంది ఉన్నారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, ఎంతమంది పై చదువులకు వెళ్లారు, మీడియన్ ఎంత. పై చదువులకు 54 మంది వెళ్లారని కనిపిస్తే, ఆ 62 శాతం అర్థమే మారిపోతుంది. సివిల్, మెకానికల్ అంకెలు తక్కువగా ఉన్నా దాచకండి. సీఎస్ఈ అంకెను తల్లిదండ్రులు నమ్మడానికి ఆ పట్టికలోని తక్కువ అంకెలే కారణమవుతాయి.

ఇంకో సంగతి. ఎన్ఐఆర్ఎఫ్‌లో పాల్గొన్న కాలేజీ, తానిచ్చిన వివరాలను తన వెబ్‌సైట్‌లోనే అందరికీ కనిపించేలా పెట్టాలి. ఏ ఏడాది ఎంతమంది చేరారు, ఎంతమంది నాలుగేళ్లలో పాసయ్యారు, ఎంతమందికి ఉద్యోగం వచ్చింది, మీడియన్ జీతం ఎంత అనేవి అందులో ఉంటాయి. 100 శాతం అని ఫ్లెక్సీ కట్టిన కాలేజీ ఆ పట్టికలో ఏం రాసిందో ఇప్పుడు ఇంటర్ పిల్లలే తీసి చూస్తున్నారు. మీ కౌన్సెలింగ్ డెస్క్ దగ్గర మీ ఎన్ఐఆర్ఎఫ్ పట్టికను ప్రింట్ తీసి పెట్టండి. "వేరే కాలేజీకి వెళ్లినా ఇదే పట్టిక అడగండి" అని చెప్పండి. పక్క కాలేజీ పేరెత్తాల్సిన అవసరం రాదు.

సీఎస్ఈ ఏఐ అండ్ ఎంఎల్ బ్రాంచ్‌లో ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటకు రాలేదు. ఏం రాయాలి?

"మొదటి బ్యాచ్ ఫలానా ఏడాది పూర్తవుతుంది, ప్లేస్‌మెంట్ వివరాలు ఇంకా లేవు" అని రాయాలి. మామూలు సీఎస్ఈ అంకెలను ఆ బ్రాంచ్ పేజీలో పెట్టకూడదు. అంకెలకు బదులు చెప్పడానికి నిజమైనవి చాలానే ఉంటాయి: ఆ బ్రాంచ్‌కు ప్రత్యేకంగా ఉన్న సబ్జెక్టులేమిటి, వాటిని చెప్పే అధ్యాపకులెవరు, మూడో ఏడాది పిల్లలకు వచ్చిన ఇంటర్న్‌షిప్‌లు ఎన్ని, వాటిలో స్టైపెండ్ ఉన్నవి ఎన్ని.

"మా రిక్రూటర్లు" పేజీలో 80 లోగోలు ఉన్నాయి. కొన్ని పాతవి. తీసేయాలా?

ప్రతి లోగోకూ ఒకటే పరీక్ష: గత మూడు బ్యాచ్‌లలో మీ విద్యార్థిని ఒక్కరినైనా ఆ కంపెనీ క్యాంపస్ ద్వారా తీసుకుందా? లేకపోతే తీసేయండి. ప్రీ ప్లేస్‌మెంట్ టాక్ ఇచ్చి వెళ్లిపోయిన కంపెనీ, ఎవరినీ తీసుకోకుండా ఆన్‌లైన్ పరీక్ష మాత్రం పెట్టిన కంపెనీ రిక్రూటర్ కావు. పూర్వ విద్యార్థి సొంతంగా చేరిన కంపెనీ కూడా కాదు. 80 లోగోలు 19కి తగ్గొచ్చు. ఆ 19 పేర్ల పక్కన ఎంతమందిని తీసుకున్నాయో రాయగలిగితే ఆ పేజీ విలువ పెరుగుతుంది. లోగో వాడటానికి కంపెనీ అనుమతి కావాలి. అది లేకపోతే పేరు అక్షరాల్లో రాస్తే చాలు.

"ఎన్‌బీఏ గుర్తింపు పొందిన కాలేజీ" అనొచ్చా?

అనకూడదు. న్యాక్ గ్రేడ్ కాలేజీ మొత్తానికి వస్తుంది, ఎన్‌బీఏ గుర్తింపు ఒక్కో కోర్సుకు విడిగా వస్తుంది. "ఈసీఈ, మెకానికల్ కోర్సులకు ఎన్‌బీఏ గుర్తింపు, ఫలానా ఏడాది వరకు" అని గడువుతో సహా రాయండి. గడువు తీరిన రోజే ఆ వాక్యం వెబ్‌సైట్ నుంచి పోవాలి.

## క్యాంపస్ ఫోటోలు, వీడియోలు

కొత్త బ్లాక్ వచ్చే ఏడాదికి పూర్తవుతుంది. కంప్యూటర్‌లో గీసిన బొమ్మ బ్రోచర్‌లో పెట్టొచ్చా?

అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ విద్యాసంస్థలకు ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రకటనలో చూపించే భవనాలు, సదుపాయాలు నిజమైనవై ఉండాలి. ప్రకటన వెలువడే నాటికి ఎలా ఉన్నాయో అలాగే కనిపించాలి. కాబట్టి అడ్మిషన్ల ప్రకటనలో ఆ బొమ్మ వద్దు. కట్టుబడి ఎంతవరకు వచ్చిందో చూపించే ఫోటో, తేదీతో వెబ్‌సైట్‌లో పెట్టుకోండి. పునాదుల ఫోటో చూసి ఎవరూ చిన్నచూపు చూడరు. బొమ్మలో అద్దాల భవనం చూసి, ఆగస్టులో వచ్చి రేకుల షెడ్డులో కూర్చున్న పిల్లవాడు మాత్రం నాలుగేళ్లూ ఆ మాట అందరికీ చెబుతాడు.

హాస్టల్‌లో ఏసీ గదులు కొన్నే ఉన్నాయి. వాటి ఫోటోలే బాగున్నాయి. ఏం చేయాలి?

ఎక్కువమంది ఉండే గది ఫోటోయే మొదట రావాలి. నలుగురుండే మామూలు గది, దాని ఫీజు, ఎంతమందికి ఒక స్నానాల గది, నీళ్లు ఏ వేళల్లో వస్తాయి, మెస్ మెనూ. తర్వాత ఏసీ గది, దాని ఫీజు, అలాంటివి ఎన్ని ఉన్నాయో. ఫోటోలు తీసే రోజు మామూలు పని రోజై ఉండాలి. ల్యాబ్‌లో యంత్రాల పక్కన పిల్లలు పని చేస్తూ కనిపిస్తే ఆ ల్యాబ్ నడుస్తోందని తెలుస్తుంది. బయట కొన్న విదేశీ విద్యార్థుల ఫోటోలు, గ్రూపులోని ఇంకో క్యాంపస్ మీద తీసిన డ్రోన్ వీడియో ఎక్కడా వాడకండి. మొదటి సంవత్సరం పిల్లలు మొదటి వారంలోనే వాటిని పట్టేస్తారు.

## పూర్వ విద్యార్థుల కథలు

మా పాత స్టూడెంట్ అమెరికాలో పెద్ద కంపెనీలో ఉన్నాడు. "మా విద్యార్థి" అని వేసుకోవచ్చు కదా?

తప్పకుండా వేసుకోవచ్చు, మొత్తం దారి చెబితే. "2014 బ్యాచ్, ఈసీఈ. క్యాంపస్‌లో సర్వీస్ కంపెనీలో 3.2 లక్షల ఉద్యోగం. రెండేళ్ల తర్వాత రాజీనామా చేసి అమెరికాలో ఎంఎస్. ఆ తర్వాత రెండు కంపెనీలు మారి ఇప్పుడున్న చోటికి." ఇలాంటి కథ చదివిన విద్యార్థికి కాలేజీ ఏం ఇచ్చింది, అతను సొంతంగా ఏం చేసుకున్నాడు అన్నది స్పష్టంగా తెలుస్తుంది. మధ్యలోని ఎనిమిదేళ్లు తీసేసి ఫోటో పక్కన కంపెనీ పేరు పెడితే, క్యాంపస్ నుంచి నేరుగా అక్కడికి వెళ్లినట్టు ఉంటుంది.

అమీర్‌పేటలో కోర్సు చేసి బయటినుంచి ఉద్యోగం తెచ్చుకున్న వాళ్ల కథలకూ ఇదే వర్తిస్తుంది. కాలేజీ అతనికి ఏ విషయంలో పనికొచ్చిందో అతన్నే అడగండి. "మా మేడమ్ ఫైనలియర్ ప్రాజెక్టును మూడుసార్లు తిప్పి పంపారు, అక్కడే రాయడం నేర్చుకున్నా" అన్నంత చిన్న మాటైనా సరే. అతను చెప్పింది అతని మాటల్లోనే వేయండి. కాలేజీ తరఫున ఎవరో రాసి సంతకం తీసుకున్న పొగడ్త ఇట్టే తెలిసిపోతుంది, ఎందుకంటే పదిమంది పూర్వ విద్యార్థులూ ఒకే భాష మాట్లాడుతుంటారు.

ఫోటో వాడటానికి నోటిమాటగా ఒప్పుకుంటే సరిపోదా?

సరిపోదు. రాతపూర్వకంగా తీసుకోండి. అందులో ఏ ఫోటో, ఏ వివరాలు, జీతం చెప్పొచ్చా లేదా, ఎక్కడెక్కడ వాడతారు, ఎప్పటివరకు అన్నవి ఉండాలి. వెబ్‌సైట్‌కు ఒప్పుకున్న అమ్మాయి ఊరి బస్టాండ్ దగ్గర హోర్డింగ్‌కు ఒప్పుకోకపోవచ్చు. ఇంట్లో వాళ్లు వద్దనొచ్చు. ఒక్కోదానికి విడిగా టిక్ పెట్టే వీలుండాలి. చేరేటప్పుడు అడ్మిషన్ ఫారంలో పెట్టించుకున్న సంతకాన్ని అనుమతిగా చూపించకండి. కోచింగ్ సెంటర్ల కోసం కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు, విజేత పేరు, ఫోటో వాడాలంటే ఎంపికైన తర్వాతే రాతపూర్వక అనుమతి తీసుకోవాలన్నాయి. అవి కోచింగ్ సెంటర్ల కోసం రాసినవే అయినా కాలేజీలకూ అదే సరైన పద్ధతి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, ఇచ్చినంత తేలిగ్గా సమ్మతిని వెనక్కి తీసుకునే హక్కునూ ఇచ్చింది. తీసేయమంటే కారణం అడగకుండా తీసేయండి.

ఎప్పుడూ సాఫ్ట్‌వేర్ కథలేనా? ఇంకెవరివి వేయొచ్చు?

మీ బ్యాచ్‌లో ఎలాంటి దారులు ఉన్నాయో కథలూ అలాగే ఉండాలి. విద్యుత్ శాఖలో ఏఈ అయిన ట్రిపుల్‌ఈ విద్యార్థి, సైట్ ఇంజనీర్‌గా మొదలుపెట్టిన సివిల్ అమ్మాయి, గేట్ రాసి ఎంటెక్‌కు వెళ్లినవాళ్లు, మొదటి ఉద్యోగం కోసం ఏడాది ఆగినవాళ్లు. ఆలస్యంగా ఉద్యోగం వచ్చిన విద్యార్థి కథను వెబ్‌సైట్‌లో పెట్టడానికి యాజమాన్యాలు వెనకాడతాయి. నాకు మాత్రం ఆ కథే ఎక్కువమంది ఇళ్లకు పనికొస్తుందనిపిస్తుంది.

## కౌన్సెలింగ్ రోజుల్లో

మా లెక్చరర్లు, బయటి ఏజెంట్లు ఫోన్లలో "జాబ్ గ్యారంటీ" అంటున్నారు. ఎలా ఆపాలి?

లెక్చరర్లకు అడ్మిషన్ టార్గెట్లు పెట్టినంత కాలం పూర్తిగా ఆగదు. మొదట టార్గెట్ తీసేయండి. ఫోన్ చేసేవాళ్లకు ఒక్క పేజీ ఇవ్వండి: బ్రాంచ్ వారీ మొత్తం, ఉద్యోగాలు, మీడియన్, ఫీజు. ఆ పేజీలో లేని అంకె చెప్పకూడదు. అడ్వర్టైజింగ్ స్టాండర్డ్స్ కౌన్సిల్ ప్రకటనల్లో పెట్టమనే "గత రికార్డు భవిష్యత్ ఉద్యోగాలకు హామీ కాదు" అన్న అర్థం వచ్చే వాక్యాన్ని ఫోన్‌లోనూ చెప్పించండి. బి కేటగిరీ సీట్లకు కమీషన్ మీద పనిచేసే ఏజెంట్ ఏం చెప్పినా తల్లిదండ్రులు కాలేజీ చెప్పినట్టే తీసుకుంటారు. అందుకే చేరడానికి వచ్చిన ప్రతి కుటుంబాన్నీ "మీకు ఉద్యోగం గురించి ఎవరైనా ఏమైనా మాటిచ్చారా?" అని అడిగి, జవాబును రాసుకోండి. తప్పు హామీ విని వచ్చినవాళ్లకు ఫీజు కట్టకముందే నిజం చెప్పండి.

పేపర్ ప్రకటనలో తప్పు అంకె వెళ్లిపోయింది. సైలెంట్‌గా వెబ్‌సైట్ మార్చేస్తే సరిపోతుందా?

సరిపోదు. ప్రకటన చూసి వెబ్ ఆప్షన్లు పెట్టుకున్నవాళ్లు ఉంటారు. ఆప్షన్లు మార్చుకునే గడువు ఇంకా ఉంటే ప్రతి గంటా విలువైనదే. అదే పేపర్‌లో, అదే జిల్లా ఎడిషన్‌లో సవరణ వేయించండి. తప్పు అంకె, సరైన అంకె రెండూ ఉండాలి. వెబ్‌సైట్ మొదటి పేజీలో తేదీతో అదే సవరణను కౌన్సెలింగ్ ముగిసేదాకా ఉంచండి. ఆ ప్రకటన చూసి చేరిన విద్యార్థి వెళ్లిపోతానంటే సర్టిఫికెట్లు ఆపకండి.

పాత పోస్టర్లు ఇంకా వాట్సాప్‌లో తిరుగుతున్నాయి. వాటికి మేమేం చేయగలం?

బయటకు వెళ్లినదాన్ని వెనక్కి తెచ్చుకోలేరు. ఇకపై చేసే ప్రతి పోస్టర్‌లో బ్యాచ్ సంవత్సరం, మొత్తం విద్యార్థుల సంఖ్య అంకెతో కలిసిపోయి ఉండేలా డిజైన్ చేయించండి. అడుగున చిన్న అక్షరాల్లో పెడితే ఎవరో కత్తిరించి పంపుతారు. "2024 బ్యాచ్: 480లో 296" అని అంకెలోనే ఉంటే కత్తిరించడానికి వీలుండదు. పోస్టర్ మూలన క్యూఆర్ కోడ్ పెట్టి, అది ఎప్పుడు స్కాన్ చేసినా ఈ ఏడాది పట్టిక ఉన్న పేజీకే తీసుకెళ్లేలా చూడండి. ఆ పేజీ చిరునామా ఏటా మార్చకండి.